రాబడులు ఒకేలా లేనప్పుడు పోర్ట్‌ఫోలియోను లక్ష్య వాటాలకు తేవడం: ఎంత అమ్మాలి, ఎంత కొనాలి

రీబ్యాలెన్సింగ్ చేయాలని తెలుసు, కానీ సరిగ్గా ఎంత అమ్మాలో, ఎంత కొనాలో లెక్క తేలడం లేదని పాఠకులు పదేపదే రాస్తున్నారు. ఆ ప్రశ్నలన్నీ చదివితే ఒక విషయం అర్థమవుతుంది. చిక్కు గణితంలో లేదు. దేనిలో శాతం, ఏ మొత్తం మీద శాతం అన్న దగ్గరే అందరూ తడబడుతున్నారు. అందుకే ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా లెక్కవేసి చూపిస్తున్నాను. కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని చదవండి.

ఉదాహరణ ఇది. ఏడాది క్రితం 10,00,000తో నాలుగు ఫండ్లలో పెట్టుబడి పెట్టారు. లక్ష్య వాటాలు: దేశీయ షేర్లు 50 శాతం, విదేశీ షేర్లు 15 శాతం, బాండ్లు 25 శాతం, బంగారం 10 శాతం. ఏడాదిలో దేశీయ షేర్లు 24 శాతం, విదేశీ షేర్లు 10 శాతం, బాండ్లు 4 శాతం పెరిగాయి. బంగారం 5 శాతం తగ్గింది. కరెన్సీ ఏదైనా లెక్క మారదు కాబట్టి అంకెలు మాత్రమే వాడుతున్నాను.

## 1. లెక్కకు ముందు సమకూర్చుకోవలసినవి

తప్పుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. చేతిలో ఉన్న అంకెలు సరైనవి కాకపోతే ఆ తరవాత ఎంత కచ్చితంగా లెక్కవేసినా ఫలితం ఉండదు.

- ప్రతి ఫండ్‌లో ఉన్న యూనిట్ల సంఖ్య, ఒక్కో యూనిట్ ధర. అన్నీ ఒకే రోజు ధరలు కావాలి.
- వేరే కరెన్సీలో ఉన్న పెట్టుబడి ఉంటే, అదే రోజు మారకం రేటుతో మార్చిన విలువ.
- ఖాతాలో ఖాళీగా పడి ఉన్న నగదు, జమ అయిన డివిడెండ్లు.
- ప్రతి ఫండ్ కొన్న ధర. పన్ను లెక్కకు ఇది అవసరమవుతుంది.
- కాగితం మీద రాసి పెట్టుకున్న లక్ష్య వాటాలు. వాటి మొత్తం సరిగ్గా 100 కావాలి.

ఒకే రకం ఆస్తి రెండు ఖాతాల్లో ఉంటే కలిపి ఒకే వరుసలో రాయండి. షేర్లు, బాండ్లు కలిసిన మిశ్రమ ఫండ్ ఉంటే దాన్ని విడగొట్టాలి. ఆ ఫండ్ 65 శాతం షేర్లలో, 35 శాతం బాండ్లలో ఉంటే, దాని విలువలో 65 శాతాన్ని షేర్ల వరుసలో, మిగిలినదాన్ని బాండ్ల వరుసలో చేర్చండి. అలా చేయకుండా మొత్తాన్ని షేర్ల కింద రాసేవారు చాలామంది ఉన్నారు. వారి బాండ్ల వాటా ఎప్పుడూ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

అత్యవసర అవసరాలకు పక్కన పెట్టిన డబ్బు ఈ పట్టికలోకి రాకూడదు. లక్ష్య వాటాలు ఏ డబ్బు కోసం నిర్ణయించారో ఆ డబ్బే ఇందులో ఉండాలి.

## 2. ఈ రోజు మొత్తం విలువ తేల్చండి

యూనిట్ల సంఖ్యను ధరతో గుణించి, అన్నీ కూడండి. మన ఉదాహరణలో ఇలా వస్తుంది.

| ఆస్తి | యూనిట్లు | ధర | ప్రస్తుత విలువ | ప్రస్తుత వాటా |
|---|---|---|---|---|
| దేశీయ షేర్లు | 2,500 | 248.00 | 6,20,000 | 54.39% |
| విదేశీ షేర్లు | 1,200 | 137.50 | 1,65,000 | 14.47% |
| బాండ్లు | 250 | 1,040.00 | 2,60,000 | 22.81% |
| బంగారం | 152 | 625.00 | 95,000 | 8.33% |
| మొత్తం | | | 11,40,000 | 100% |

మొత్తం 11,40,000. అంటే పోర్ట్‌ఫోలియో మొత్తంగా 14 శాతం పెరిగింది. ఈ 14ను గుర్తుంచుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

చివరి నిలువు వరుసలోని వాటాలు పరిస్థితిని చూడడానికి మాత్రమే. కొనుగోలు, అమ్మకం లెక్క వాటి మీద వేయకండి. అవి రెండు దశాంశాలకు కుదించిన అంకెలు. 54.39ని ఇంకా కుదించి 54 అనుకుని, ‘నాలుగు శాతం ఎక్కువ ఉంది’ అని లెక్కవేస్తే 45,600 వస్తుంది. అసలు జవాబు 50,000. కుదింపు వల్లే 4,400 తేడా వచ్చింది.

## 3. అమ్మాలా, ఆగాలా: హద్దును ముందే నిర్ణయించుకోండి

ప్రతి చిన్న కదలికకూ సర్దుబాటు చేస్తే ఖర్చులు తప్ప మిగిలేదేమీ ఉండదు. కాబట్టి వాటా లక్ష్యం నుంచి ఎంత జరిగితే కదలాలో ముందే రాసుకోవాలి.

చాలామంది పాటించే ఒక పద్ధతిలో రెండు హద్దులు ఉంటాయి. వాటా లక్ష్యం నుంచి 5 శాతం పాయింట్లు జరగడం ఒకటి, లక్ష్యంలో నాలుగో వంతు జరగడం మరొకటి. ఈ రెండింటిలో ఏది చిన్నదో అదే వర్తిస్తుంది. 50 శాతం లక్ష్యమున్న దేశీయ షేర్లకు, ఇకపై ఉత్త షేర్లు అంటే ఇవే, హద్దు 5 పాయింట్లు. 10 శాతం లక్ష్యమున్న బంగారానికి హద్దు 2.5 పాయింట్లు.

ఈ కొలతతో చూస్తే మన ఉదాహరణలో ఏదీ హద్దు దాటలేదు. షేర్లు 4.39 పాయింట్లు, బంగారం 1.67 పాయింట్లు మాత్రమే జరిగాయి. అంటే ఆ నియమం పెట్టుకున్నవారు ఈ ఏడాది ఏమీ చేయనక్కరలేదు. పట్టిక చూసి చేతులు దురద పెట్టినా సరే.

హద్దు 3 పాయింట్లు అని రాసుకున్నవారు, లేదా ఏడాదికి ఒకసారి ఫలానా తేదీన సరిదిద్దుకుంటామని నిర్ణయించుకున్నవారు ముందుకు వెళ్లాలి. ఇకపై లెక్క వారి కోసం. పట్టిక చూశాక హద్దు మార్చుకోవడం మాత్రం పనికిరాదు. అలా చేస్తే నిర్ణయం మీ నియమం చేతిలోంచి ఆ రోజు మార్కెట్ చేతిలోకి పోతుంది.

## 4. అసలు లెక్క: నాలుగు వరుసలకూ ఒకే సూత్రం

సూత్రం ఒక్కటే, ప్రతి వరుసకూ అదే.

కొనాల్సిన మొత్తం = (లక్ష్య వాటా × ఈ రోజు మొత్తం విలువ) − ప్రస్తుత విలువ

జవాబు ధన సంఖ్య అయితే కొనాలి, రుణ సంఖ్య అయితే అమ్మాలి.

| ఆస్తి | లక్ష్య విలువ | ప్రస్తుత విలువ | చేయాల్సినది |
|---|---|---|---|
| దేశీయ షేర్లు | 5,70,000 | 6,20,000 | −50,000 |
| విదేశీ షేర్లు | 1,71,000 | 1,65,000 | +6,000 |
| బాండ్లు | 2,85,000 | 2,60,000 | +25,000 |
| బంగారం | 1,14,000 | 95,000 | +19,000 |
| మొత్తం | 11,40,000 | 11,40,000 | 0 |

చివరి వరుసలోని సున్నాయే మీ తనిఖీ. కొత్త డబ్బు వేయనప్పుడు, బయటికి తీయనప్పుడు, అమ్మకాలూ కొనుగోళ్లూ కలిపితే సున్నా రావాలి. రాకపోతే లక్ష్య వాటాల మొత్తం 100 కాలేదని గానీ, ఏదో ఒక విలువ తప్పు రాశారని గానీ అర్థం. సున్నా వచ్చేదాకా తరవాతి మెట్టు ఎక్కకండి.

ఈ పట్టికలో చాలామందిని ఆశ్చర్యపరిచేది విదేశీ షేర్ల వరుస. 10 శాతం పెరిగిన దాన్ని ఇంకా కొనడమేమిటని అడుగుతారు. పెరిగిందా తగ్గిందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పోర్ట్‌ఫోలియో మొత్తం 14 శాతం పెరిగింది, విదేశీ షేర్లు 10 శాతమే పెరిగాయి, కాబట్టి వాటి వాటా కుంచించుకుపోయింది. కొలబద్ద సున్నా కాదు, పోర్ట్‌ఫోలియో సొంత రాబడి.

ఏడాది మొదట్లో వాటాలు సరిగ్గా లక్ష్యం మీదే ఉండి, మధ్యలో డబ్బు రాకపోకలు లేకపోతే, అదే జవాబును మరో దారిలో సరిచూసుకోవచ్చు. మొదట పెట్టిన మొత్తాన్ని, పోర్ట్‌ఫోలియో రాబడికీ ఆ ఆస్తి రాబడికీ ఉన్న తేడాతో గుణించండి. షేర్లు: 5,00,000 × (14% − 24%) = −50,000. బంగారం: 1,00,000 × (14% + 5%) = 19,000. రెండు దారుల్లోనూ ఒకే అంకె వస్తే నిశ్చింతగా ఉండవచ్చు.

స్ప్రెడ్‌షీట్‌లో చేసేవారు B2 నుంచి B5 దాకా ప్రస్తుత విలువలు, C2 నుంచి C5 దాకా లక్ష్య వాటాలు శాతం గుర్తుతో 50% లాగా, B8లో కొత్తగా వేసే డబ్బు (లేకపోతే 0) రాసి, D2లో ఈ సూత్రం పెట్టి కిందికి లాగండి. రెండో సూత్రం తనిఖీ కోసం, దాన్ని D6లో పెట్టండి. దాని జవాబు 0 కావాలి.

```
=C2*(SUM($B$2:$B$5)+$B$8)-B2
=SUM(D2:D5)-B8
```

## 5. ఈ మెట్టులో తరచూ జరిగే రెండు తప్పులు

శాతాన్ని వేరే మొత్తం మీద వేయడం. షేర్లు 4.39 పాయింట్లు ఎక్కువ ఉన్నాయి కదా అని, ఉన్న షేర్లలో 4.39 శాతం అమ్మేస్తారు. అప్పుడు అమ్మేది 27,200 దగ్గర ఆగిపోతుంది, అంటే అవసరమైనదానిలో సగం కంటే కొంచెం ఎక్కువ. ఆ 4.39 పోర్ట్‌ఫోలియో మొత్తంలో భాగం. షేర్ల ఫండ్ లెక్కలో చూస్తే అమ్మాల్సినది 8.06 శాతం (50,000 ÷ 6,20,000). అమ్మకం శాతంలోనే అడిగే ఖాతాల్లో ఈ 8.06నే నింపాలి.

పాత మొత్తాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం. మొదట షేర్లలో 5,00,000 పెట్టాం కాబట్టి మళ్లీ 5,00,000కే తెద్దాం అనుకుంటారు. అలా చేస్తే షేర్లు 1,20,000, విదేశీ షేర్లు 15,000, బాండ్లు 10,000 అమ్మి, బంగారం 5,000 కొంటారు. 1,40,000 నగదు చేతిలో మిగిలిపోతుంది. అది లాభాన్ని బయటికి తీయడం. రీబ్యాలెన్సింగ్ కాదు. నగదు మిగిలిందంటే లక్ష్య విలువలు పాత మొత్తం మీద వేశారని గుర్తుపట్టవచ్చు.

## 6. డబ్బును యూనిట్లలోకి మార్చండి

యూనిట్లో భాగాన్ని కూడా కొనడానికి వీలున్న చోట ఈ మెట్టు అవసరం లేదు, మొత్తాన్నే ఆర్డరులో రాయవచ్చు. పూర్తి యూనిట్లే కొనాల్సిన చోట ఒక చిన్న నియమం పెట్టుకోండి: అమ్మకాన్ని పైకి, కొనుగోలును కిందికి సవరించాలి. అప్పుడు డబ్బు చాలకపోవడం అనేది ఉండదు.

- దేశీయ షేర్లు: 50,000 ÷ 248 = 201.61. అమ్మేది 202 యూనిట్లు, వచ్చేది 50,096.
- విదేశీ షేర్లు: 6,000 ÷ 137.50 = 43.64. కొనేది 43 యూనిట్లు, అయ్యేది 5,912.50.
- బాండ్లు: 25,000 ÷ 1,040 = 24.04. కొనేది 24 యూనిట్లు, అయ్యేది 24,960.
- బంగారం: 19,000 ÷ 625 = 30.4. కొనేది 30 యూనిట్లు, అయ్యేది 18,750.

కొనుగోళ్ల మొత్తం 49,622.50. మిగిలేది 473.50. లావాదేవీ ఖర్చులకు ఇందులోంచే పోతుంది. మిగిలిన నాలుగు డబ్బులను ఎక్కడ సర్దాలా అని తల బద్దలు కొట్టుకోవద్దు. కొత్త వాటాలు 49.99, 14.99, 25.00, 9.98గా వస్తాయి. రేపు ఉదయం మార్కెట్ తెరిచాక అవి ఎలాగూ ఇంతకంటే ఎక్కువే కదులుతాయి.

## 7. అమ్మకం మీద పన్ను ఉంటే

ఇక్కడే చాలా లెక్కలు చివర్లో చెడతాయి. 50,000 అమ్మారు, అందులో కొంత పన్నుకు పోయింది, కొనడానికి 50,000 లేదు. ఏ ఫండ్‌లో కోత పెట్టాలో తెలియక చివరి ఆర్డరును తగ్గించేస్తారు. దాంతో ఒక ఆస్తి వాటా లక్ష్యం చేరదు.

పన్ను రేట్లు, మినహాయింపులు ఎక్కడికక్కడ వేరు. ఉదాహరణ కోసం లాభం మీద 15 శాతం అనుకుందాం. మొదట, అమ్మే ప్రతి 100లో లాభం ఎంత ఉందో చూడాలి. షేర్ల ఫండ్ 5,00,000కు కొన్నది 6,20,000 అయింది. అంటే విలువలో 1,20,000 లాభం, అది 19.35 శాతం. దాని మీద 15 శాతం అంటే, అమ్మే ప్రతి 100కూ దాదాపు 2.90 పన్ను. దీన్ని ఖర్చు రేటు అందాం.

ఈ పన్ను పోర్ట్‌ఫోలియోలోంచే పోతే మొత్తం విలువ తగ్గుతుంది. మొత్తం తగ్గితే షేర్ల లక్ష్య విలువ కూడా తగ్గుతుంది. అంటే ఇంకాస్త ఎక్కువ అమ్మాలి. అది ఇంకాస్త పన్ను తెస్తుంది. ఈ చక్రాన్ని చుట్టూ తిరగకుండా ఒకే మెట్టులో తేల్చే సూత్రం ఉంది. అమ్మేది ఒకే ఆస్తి అయినప్పుడు ఇది కచ్చితంగా పనిచేస్తుంది.

అమ్మాల్సినది = లక్ష్య విలువను మించి ఉన్న మొత్తం ÷ (1 − లక్ష్య వాటా × ఖర్చు రేటు)

మన లెక్కలో: 50,000 ÷ (1 − 0.50 × 0.02903) = 50,736 సుమారు. దాని మీద పన్ను 1,473. మిగిలిన పోర్ట్‌ఫోలియో 11,38,527. ఇప్పుడు కొనుగోళ్లను ఈ కొత్త మొత్తం మీద వేయండి: విదేశీ షేర్లు 5,779, బాండ్లు 24,632, బంగారం 18,853. ఈ మూడూ, పన్నూ కలిపితే అమ్మిన మొత్తానికి ఒకటి అటూ ఇటూగా సరిపోతుంది. ఆ ఒకటి కుదింపు వల్ల వచ్చిన తేడా.

రెండు మూడు ఆస్తులు అమ్మాల్సి వస్తే సూత్రం జోలికి పోకండి. మొదటి లెక్క ప్రకారం పన్ను అంచనా వేసి, మొత్తంలోంచి తీసేసి, అన్ని వరుసలనూ మళ్లీ లెక్కించండి. రెండు విడతలు చేస్తే చాలు, మూడో విడతలో తేడా లెక్కలోకి రానంత చిన్నదవుతుంది.

రెండు జాగ్రత్తలు. పన్ను అమ్మిన రోజే కోసుకోకుండా తరవాత కట్టమనే చోట, ఆ 1,473ను వెంటనే పక్కన పెట్టండి. దాన్ని పోర్ట్‌ఫోలియో మొత్తంలో ఇక లెక్కించకూడదు. రెండోది, వేర్వేరు తేదీల్లో వేర్వేరు ధరలకు కొన్న యూనిట్లు ఉంటే సగటు లాభంతో లెక్క తప్పవచ్చు. చాలా చోట్ల మొదట కొన్నవి మొదట అమ్మినట్టు లెక్కిస్తారు. పాత యూనిట్లలో సాధారణంగా లాభం ఎక్కువ కాబట్టి పన్ను మీ అంచనాను మించవచ్చు.

## 8. కొత్త డబ్బు వేస్తున్నప్పుడు అమ్మకం తప్పించుకోవడం

పన్ను, ఖర్చు లేకుండా సర్దుబాటు చేయడానికి నాకు తెలిసిన ఉత్తమ మార్గం ఇదే. కొత్త డబ్బు ఉంటే ముందు దీన్ని ప్రయత్నించి, అప్పటికీ చాలకపోతేనే అమ్మకం గురించి ఆలోచించండి.

60,000 కొత్తగా వేస్తున్నారనుకుందాం. చాలామంది దాన్ని 50, 15, 25, 10 శాతాల్లో పంచేస్తారు. షేర్లకు మరో 30,000 వెళ్తుంది, వాటి వాటా 54.39 నుంచి 54.17కు దిగుతుంది. అంటే దాదాపు ఏమీ జరగలేదు. లక్ష్య వాటాల్లో పంచడం ఇప్పటికే సమతూకంలో ఉన్న పోర్ట్‌ఫోలియోకు సరిపోతుంది, తప్పిన దాన్ని సరిచేయదు.

సరైన పద్ధతిలో మొత్తం 12,00,000 అవుతుంది, లక్ష్య విలువలు దాని మీద వేస్తాం. చేయాల్సినవి: షేర్లు −20,000, విదేశీ షేర్లు +15,000, బాండ్లు +40,000, బంగారం +25,000. ఇవన్నీ కలిపితే 60,000 రావాలి, వచ్చింది. ముందు 50,000 అమ్మాల్సిన చోట ఇప్పుడు 20,000 చాలు.

ఆ 20,000 కూడా అమ్మకూడదనుకుంటే షేర్లను ఉన్న చోటే ఉంచి, మిగిలిన మూడింటి మధ్యే పంచాలి. ఇలా:

1. షేర్లు 6,20,000 దగ్గర కదలవు. మిగిలిన మొత్తం 12,00,000 − 6,20,000 = 5,80,000.
2. మిగిలిన మూడింటి లక్ష్య వాటాలు 15, 25, 10. వాటి మొత్తం 50.
3. 5,80,000ను 15/50, 25/50, 10/50 నిష్పత్తిలో పంచండి: 1,74,000, 2,90,000, 1,16,000.
4. ప్రస్తుత విలువలు తీసేయండి. విదేశీ షేర్లు +9,000, బాండ్లు +30,000, బంగారం +21,000. మొత్తం 60,000.

షేర్ల వాటా 51.67కు వచ్చింది. ఒక్క యూనిట్ కూడా అమ్మలేదు. నాలుగో అడుగులో ఏదైనా రుణ సంఖ్యగా వస్తే దాన్ని కూడా కదలని జాబితాలో చేర్చి, మొదటి అడుగు నుంచి మళ్లీ చేయండి.

అసలు అమ్మకమే లేకుండా పూర్తిగా లక్ష్యం చేరాలంటే ఎంత డబ్బు కావాలో కూడా తేల్చవచ్చు. ప్రతి ఆస్తి ప్రస్తుత విలువను దాని లక్ష్య వాటాతో భాగించండి. వచ్చిన వాటిలో పెద్దది షేర్లది: 6,20,000 ÷ 0.50 = 12,40,000. ఇందులోంచి ఇప్పుడున్న 11,40,000 తీసేస్తే 1,00,000. అంత కొత్త డబ్బు వేయగలిగితే లక్ష్యం సరిగ్గా చేరుతుంది.

డబ్బు బయటికి తీసేటప్పుడూ సూత్రం ఇదే, B8లో రుణ సంఖ్య రాయడమే తేడా. 40,000 తీస్తే మొత్తం 11,00,000. షేర్లు 70,000 అమ్మి, బాండ్లు, బంగారం చెరో 15,000 కొనాలి. విదేశీ షేర్లను ముట్టుకోనక్కరలేదు.

## 9. కదపలేని ఆస్తి ఉన్నప్పుడు

పైన షేర్లను కదలకుండా ఉంచి మిగిలినవాటిలో పంచిన పద్ధతి ఇంకో రెండు చోట్ల అక్కరకొస్తుంది.

ఒకటి, గడువు తీరే దాకా తీయలేని పెట్టుబడి ఉన్నప్పుడు. రెండు, ఒక లావాదేవీ మరీ చిన్నదై, దాని ఖర్చు దానివల్ల వచ్చే మేలును మించినప్పుడు. మన ఉదాహరణలో విదేశీ షేర్ల 6,000 కొనుగోలు అలాంటిదే. వాటా తేడా అర పాయింటు మాత్రమే.

దాన్ని వదిలేయాలనుకుంటే మిగిలిన ఆర్డర్లను యథాతథంగా పంపకండి. పంపితే 6,000 నగదు మిగిలిపోతుంది. విదేశీ షేర్లను 1,65,000 దగ్గర ఉంచి, మిగిలిన 9,75,000ను 50, 25, 10 నిష్పత్తిలో, అంటే 85 భాగాలుగా పంచండి. షేర్ల అమ్మకం 46,471, బాండ్ల కొనుగోలు 26,765, బంగారం కొనుగోలు 19,706 అవుతాయి. మళ్లీ మొత్తం సున్నా.

## 10. ఆర్డర్లు పంపే వరుస

1. అమ్మకం ముందు. డబ్బు ఖాతాలో జమ అయి, కొనుగోలుకు వాడుకోవచ్చని కనిపించే దాకా ఆగండి. ఇందుకు ఒకటి రెండు రోజులు పట్టవచ్చు.
2. జమ అయిన అసలు మొత్తాన్ని చూడండి. అంచనా అంకెతో కాక, ఆ మొత్తంతో కొనుగోళ్లను మళ్లీ లెక్కించండి.
3. లోటు ఎక్కువగా ఉన్న ఆస్తిని ముందు కొనండి. మన లెక్కలో లక్ష్యంతో పోల్చితే బంగారం ఆరో వంతు తక్కువ ఉంది, కాబట్టి అదే ముందు. ఏదైనా అడ్డంకి వచ్చి ఆగిపోయినా పెద్ద తేడా అప్పటికే సరిదిద్దినట్టవుతుంది.
4. అన్నీ అయ్యాక యూనిట్లు, ధరలు కొత్తగా రాసుకుని వాటాలు మళ్లీ తీయండి.

అమ్మకానికీ కొనుగోలుకూ మధ్య ధరలు కదులుతాయి. ఒకటి రెండు శాతం కదిలితే పట్టించుకోనక్కరలేదు. 19,000 కొనుగోలు మీద 2 శాతం అంటే 380, పోర్ట్‌ఫోలియోలో అది 0.03 పాయింటు. పెద్దగా కదిలితే మాత్రం రెండో మెట్టు నుంచి పట్టిక మళ్లీ వేయండి. యూనిట్ల సంఖ్యను పాత ధరతో తేల్చి, కొత్త ధరకు అదే సంఖ్య కొనడం వల్ల డబ్బు చాలక ఆర్డరు తిరస్కారానికి గురవుతుంది. ఈ ఫిర్యాదు నాకు తరచూ వస్తుంటుంది.

పన్ను లేని, లేదా పన్ను వాయిదా పడే ఖాతా ఒకటి, మామూలు ఖాతా ఒకటి ఉంటే, లెక్క రెండూ కలిపి వేయండి, అమ్మకం మాత్రం వీలైనంత మొదటి దానిలో చేయండి. పట్టికకు ఏ ఖాతా అన్నది అక్కరలేదు. పన్ను బిల్లుకు అదే కావాలి.

## 11. ఆర్డరు పంపే ముందు సరిచూసుకునే జాబితా

- లక్ష్య వాటాల మొత్తం 100.
- అన్ని ధరలూ ఒకే రోజువి.
- ఖాళీ నగదు, డివిడెండ్లు కొత్త డబ్బు గడిలో చేర్చాను.
- హద్దు దాటిందో లేదో ముందే రాసుకున్న నియమంతో చూశాను.
- లక్ష్య విలువలు పాత మొత్తం మీద కాక, ఈ రోజు మొత్తం మీద వేశాను.
- చేయాల్సినవాటి మొత్తం, కొత్త డబ్బుకు సమానం.
- అమ్మకం శాతంలో అడిగితే, ఆ శాతం ఫండ్ విలువ మీద లెక్కించాను.
- పన్ను, ఖర్చులకు పక్కన పెట్టిన మొత్తం కొనుగోళ్లలో కలవలేదు.
- అమ్మకం యూనిట్లు పైకి, కొనుగోలు యూనిట్లు కిందికి సవరించాను.
- అమ్మిన యూనిట్ల కొనుగోలు తేదీ, ధర, అమ్మిన ధర రాసి పెట్టుకున్నాను.